అద్దెకు అడుగులు, బస్సుకు మనుషులు, తరుగుదలకు మెషీన్లు: ఫ్యాక్టరీ ఓవర్‌హెడ్స్ ఏ లెక్కన పంచాలి?

చీమకుర్తి దగ్గర గ్రానైట్ యూనిట్ నడిపే ఒకాయన నన్ను పిలిపించి ఎదురుగా రెండు కాగితాలు పెట్టాడు. "సమాధి రాళ్ళ ఆర్డర్ ఒకటి వచ్చింది సార్. రాయికి ఏడొందల అరవై మిగులుతుందని మా అబ్బాయి అంటాడు. రాయికి ఏడొందల డెబ్బై పోతుందని మా అకౌంటెంట్ అంటాడు. ఇద్దరూ చూసేది ఒకే పుస్తకం. ఎవర్ని నమ్మేది?"

కూడికలు ఇద్దరివీ కరెక్టే. ఖర్చులు కూడా అవే. అబ్బాయి అద్దె, తరుగుదల లాంటి ఉమ్మడి ఖర్చులను, అంటే ఫ్యాక్టరీ ఓవర్‌హెడ్స్ మొత్తాన్ని మెషీన్ విలువ ప్రకారం డిపార్ట్‌మెంట్లకు పంచాడు. అకౌంటెంట్ మనుషుల సంఖ్య ప్రకారం పంచాడు. తేడా అంతా అక్కడే.

ఓవర్‌హెడ్స్ పంచడానికి నేల విస్తీర్ణం, మనుషుల సంఖ్య, మెషీన్ విలువ అనే మూడు ఆధారాల్లో ఏది ఎప్పుడు వాడాలో ఆ యూనిట్ లెక్కతోనే చెప్తాను. అంకెల్ని చదవడానికి వీలుగా గుండ్రంగా సర్దాను.

పంచక ముందు పక్కన పెట్టాల్సినవి

ఏ డిపార్ట్‌మెంట్‌దో నేరుగా తెలిసే ఖర్చును పంచకూడదు, ఆ డిపార్ట్‌మెంట్‌కే రాయాలి. పాలిషింగ్ సూపర్‌వైజర్ జీతం పాలిషింగ్‌దే. కటింగ్‌లో వాడే బ్లేడ్లు కటింగ్‌వే. పీఎఫ్, ఈఎస్ఐ లాంటివి జీతం మీద పడే శాతాలు కాబట్టి జీతాల షీట్‌లో డిపార్ట్‌మెంట్ వారీగా దొరుకుతాయి. వాటిని తలకింత అని పంచితే తక్కువ జీతం వాళ్ళున్న డిపార్ట్‌మెంట్ మీద అన్యాయంగా ఎక్కువ పడుతుంది.

కరెంటు సంగతి ఇంకా ముఖ్యం. గ్రానైట్ యూనిట్‌లో కరెంటు బిల్లు చిన్నది కాదు. ఈ మూడు ఆధారాల్లో ఏదీ దానికి సరిపోదు. డిపార్ట్‌మెంట్‌కో సబ్‌మీటర్ పెట్టించండి. అది పెట్టేదాకా హార్స్‌పవర్‌ని నడిచిన గంటలతో గుణించి పంచండి. మెషీన్ విలువ ప్రకారం మాత్రం వద్దు. ఖరీదైన మెషీన్ అన్నంత మాత్రాన కరెంటు ఎక్కువ తాగదు, చవక మోటారు అన్నంత మాత్రాన తక్కువ తాగదు.

ఇవన్నీ తీసేశాక ఆ యూనిట్‌లో నెలకు మూడు ఉమ్మడి ఖర్చులు మిగిలాయి:

- స్థలం, షెడ్డు అద్దె: 2,40,000
- టైమ్ ఆఫీసు, తాగునీరు, సేఫ్టీ సామాను, ఒంగోలు నుంచి వచ్చే స్టాఫ్ బస్సు: 1,80,000
- మెషీన్ల తరుగుదల, ఇన్సూరెన్స్: 4,50,000

మొత్తం 8,70,000 రూపాయలు. దీన్ని పంచాల్సిన డిపార్ట్‌మెంట్లు నాలుగు. బ్లాకును స్లాబులుగా కోసే కటింగ్, స్లాబులకు మెరుపు తెచ్చే పాలిషింగ్, అంచులు కోసి చెక్కుడు పని చేసే ఫినిషింగ్, ఈ మూడింటికీ రిపేర్లు చేసే మెయింటెనెన్స్.

ఆధారం బాగుందో లేదో దేన్నిబట్టి చూడాలి

నేను అడిగేవి మూడు ప్రశ్నలు. మొదటిది అన్నిటికంటే ముఖ్యం. ఈ ఆధారం పెరిగితే ఆ ఖర్చు నిజంగా పెరుగుతుందా? ఇంకో పదిమందిని పెట్టుకుంటే టైమ్ ఆఫీసు పని, నీళ్ళ డబ్బాలు, హెల్మెట్లు పెరుగుతాయి. కానీ షెడ్డు అద్దె పైసా కూడా పెరగదు. అందుకే అద్దెను మనుషుల లెక్కన పంచడం తప్పు.

రెండోది, ఆ అంకె ఎవరు కొలిచినా ఒకేలా వస్తుందా? మూడోది, నెలనెలా ఊగిసలాడకుండా నిలుస్తుందా? నేల విస్తీర్ణం ఏళ్ళ తరబడి మారదు. మనుషుల సంఖ్య పండగ నెలలో ఒకలా ఉంటుంది, మామూలు నెలలో ఇంకోలా ఉంటుంది.

ఈ యూనిట్‌లో మూడు ఆధారాల కొలతలు ఇలా వచ్చాయి:

| డిపార్ట్‌మెంట్ | విస్తీర్ణం (చ.అ.) | మనుషులు | మెషీన్ విలువ (లక్షలు) |
|---|---|---|---|
| కటింగ్ | 18,000 | 18 | 300 |
| పాలిషింగ్ | 9,000 | 15 | 150 |
| ఫినిషింగ్ | 6,000 | 36 | 30 |
| మెయింటెనెన్స్ | 3,000 | 6 | 20 |
| మొత్తం | 36,000 | 75 | 500 |

ఫినిషింగ్ వరుస చూడండి. మనుషుల్లో దాదాపు సగం అక్కడే ఉన్నారు. మెషీన్ల విలువలో మాత్రం దాని వాటా నూటికి ఆరు. అబ్బాయికీ అకౌంటెంట్‌కీ పంచాయితీ అంతా ఈ వరుస మీదే.

నేల విస్తీర్ణం

అద్దె, బిల్డింగ్ తరుగుదల, ప్రాపర్టీ టాక్స్, ఊడ్చే మనుషుల జీతం, షెడ్డు మరమ్మతు లాంటి వాటికి ఇదే సరైన ఆధారం. వినడానికి చాలా తేలిక. ఒక టేపు, ఒక మనిషి ఉంటే చాలు అనిపిస్తుంది. టేపు పట్టుకుని దిగాకే తగాదా మొదలవుతుంది.

మేం కొలుస్తుంటే పాలిషింగ్ లైన్ వెనక విరిగిన స్లాబు ముక్కల గుట్ట ఒకటి కనిపించింది. ఈ జాగా ఎవరిదని అడిగాను. "మాది కాదు సార్, కటింగోళ్ళు తెచ్చి పడేశారు" అన్నాడు పాలిషింగ్ మేస్త్రి. "పగిలింది మీ దగ్గరే గదన్నా" అని కటింగ్ అతను అందుకున్నాడు. మధ్యలో ఫినిషింగ్ మేస్త్రి కల్పించుకుని, చిన్న పనులకు ఆ గుట్టలోంచి తామే ముక్కలు ఏరుకుంటామని చెప్పాడు. అంతే, మిగతా ఇద్దరూ ఒక్కసారే అతని వైపు తిరిగారు.

ఇలాంటి చోట నేను పాటించే పద్ధతి ఒకటుంది. క్రేన్ దారులు, నడిచే దారులు, గుట్టలు, ఎవరిదో తేలని జాగా ఏదైనా సరే, కొలతలోంచి తీసేస్తాను. మిగిలిన జాగా ప్రకారం మొత్తం అద్దె పంచితే ఆ ఉమ్మడి జాగా అద్దె తనంతట తానే అందరి మీదా దామాషాగా పడుతుంది. పోట్లాట ఉండదు.

అసలు చిక్కు యార్డుతో వచ్చింది. క్వారీ నుంచి వచ్చిన బ్లాకుల్ని దించే ఆ ఖాళీ స్థలం 24,000 చదరపు అడుగులు. అది కటింగ్ కోసమే ఉంది. కటింగ్ షెడ్డు మాత్రం 12,000 అడుగులే. యార్డును వదిలేస్తే నెల అద్దెలో కటింగ్ వాటా 96,000 వస్తుంది. అడుక్కి అడుగు కలిపేస్తే 1,60,000 అవుతుంది. రెండూ సరైనవి కావు. పైకప్పు, ఫ్లోరింగ్ ఉన్న అడుగుకీ, ఎండలో పడున్న మట్టి అడుగుకీ ఒకే అద్దె ఎవరూ ఇవ్వరు.

ఓనర్ స్థలం తీసుకున్నప్పుడు మాట్లాడుకున్న రేట్లు అడిగాను. షెడ్డుకు పెట్టిన రేటులో ఖాళీ స్థలానికి నాలుగో వంతు పెట్టారట. అందుకని యార్డులో నాలుగు అడుగుల్ని ఒక షెడ్డు అడుగుగా కట్టాను. 24,000 కాస్తా 6,000 అయింది. దానికి షెడ్డు 12,000 కలిపితే పై పట్టికలోని 18,000 వచ్చింది. ఈ లెక్కన అడుగుకు ఆరు రూపాయల అరవై ఏడు పైసలు పడుతుంది, కటింగ్ వాటా 1,20,000 అవుతుంది. ఎండబెట్టే కళ్ళం ఉన్న మిల్లుకైనా, కంటైనర్లు ఆగే ఆవరణ ఉన్న ప్లాంటుకైనా ఇదే పద్ధతి పనికొస్తుంది. ఆరుబయటి జాగాను దాని అద్దె విలువ దామాషాలో షెడ్డు అడుగులుగా మార్చాలి.

ఒకే ఒక్క చోట చదరపు అడుగు మోసం చేస్తుంది. సరుకును కప్పు దాకా పేర్చే గదుల్లో. అక్కడ ఘనపుటడుగులు కట్టడమే న్యాయం.

మనుషుల సంఖ్య

టైమ్ ఆఫీసు, క్యాంటీన్, ఫస్ట్ ఎయిడ్, సేఫ్టీ బూట్లు, లేబర్ వెల్ఫేర్ ఖర్చులకు ఇది సరిపోతుంది. ఇక్కడ తలకు 2,400 పడింది. ఫినిషింగ్‌లో 36 మంది కాబట్టి దాని వాటా 86,400.

అయితే 36 అనే అంకె రావడానికే అరపూట పట్టింది. జీతాల షీట్‌లో ఫినిషింగ్ వాళ్ళు 12 మందే ఉన్నారు. మిగతా 24 మంది మేస్త్రి కింద కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్ళు. వాళ్ళ డబ్బు 'లేబర్ చార్జీలు' అనే ఇంకో ఖాతాలోంచి పోతోంది. షీట్ చూసి 12 అని వేసేస్తే మొత్తం మనుషులు 51 అవుతారు, ఫినిషింగ్ వాటా సుమారు 42,000కు పడిపోతుంది. అంటే సగం. నీళ్ళు తాగేది, హెల్మెట్ పెట్టుకునేది, గేటు దగ్గర సంతకం పెట్టేది 36 మందీ. ఆ సగం ఖర్చు కటింగ్, పాలిషింగ్ మోస్తాయి. ఇలాంటి తప్పు పట్టుకోవాలంటే గేటు రిజిస్టరులో తలల్ని, మీ లెక్కలోని తలల్ని పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే కాంట్రాక్టు మనుషులు ఎక్కడో జారిపోయారన్నమాట.

నెల చివరి రోజు మస్టర్ చూసి తలలు లెక్కపెట్టడం కూడా వద్దు. నెలలో మొత్తం పనిదినాలు కూడి, యూనిట్ నడిచిన రోజులతో భాగించండి. పొద్దున పాలిషింగ్‌లో, మధ్యాహ్నం ఫినిషింగ్‌లో చేసే హెల్పర్‌ను సగం సగం రాయండి.

ఈ ఆధారానికి ఒక హద్దుంది. చేతిపని ఎక్కువున్న డిపార్ట్‌మెంట్‌ను ఇది చావగొడుతుంది. మనుషుల వల్ల పెరిగే ఖర్చులకే వాడినంతసేపు పర్వాలేదు. అకౌంటెంట్ చేసినట్టు కోట్ల మెషీన్ల తరుగుదలను కూడా తలకింత అని పంచితే, ఉలీ సుత్తీ పట్టుకున్న మనిషి నెత్తిన బ్లాకులు కోసే గ్యాంగ్‌సా మెషీన్ తరుగుదల పడుతుంది.

మెషీన్ విలువ

మెషీన్ల ఇన్సూరెన్స్, తరుగుదల దీని కిందికి వస్తాయి. ఈ యూనిట్‌లో మెషీన్లన్నిటికీ ఏటా కొన్న ధర మీద 10 శాతం తరుగుదల కడతారు. అది 50 లక్షలు. ఇన్సూరెన్స్ 4 లక్షలు. కలిపి నెలకు 4,50,000. అంటే లక్ష రూపాయల మెషీన్‌కు నెలకు 900.

ఇక్కడ అడగాల్సింది ఏ విలువ అని. కొన్న ధరా, ఇప్పుడు పుస్తకంలో మిగిలిన విలువా, ఇవాళ కొనాలంటే అయ్యే ధరా?

అబ్బాయి మొదట ఇన్‌కమ్ టాక్స్ షీట్‌లోని మిగులు విలువలు తీసుకున్నాడట. కటింగ్ మెషీన్లు 300 లక్షలు పెట్టి ఏడేళ్ళ కింద కొన్నారు. ఏటా మిగిలిన విలువ మీద 15 శాతం తీసేస్తూ పోతే ఇప్పుడు సుమారు 96 లక్షలు ఉంటుంది. పాలిషింగ్ లైన్ 150 లక్షలది, కొని రెండేళ్ళు. అది ఇంకా 108 లక్షల దగ్గర ఉంది. కాగితం మీద కొత్త పాలిషింగ్ లైన్ ముందు గ్యాంగ్‌సాలు చిన్నబోయాయి. ఆ లెక్కతో పంచితే, కొత్త మెషీన్ కొన్న పాపానికి పాలిషింగ్ రేటు పెరుగుతుంది, పాత మెషీన్ నడిపేవాడిది తగ్గుతుంది. ఆ ఏడాది పనిలో మాత్రం తేడా ఏమీ ఉండదు.

కాబట్టి తరుగుదలను ఏ విలువ మీద కట్టారో ఆ విలువ మీదే పంచండి. ఇక్కడ కొన్న ధర మీద కట్టారు కాబట్టి కొన్న ధర. మెషీన్లకు వేర్వేరు రేట్లు ఉంటే పంచే పనే లేదు, రిజిస్టర్‌లో మెషీన్ వారీగా ఉన్న తరుగుదలను నేరుగా డిపార్ట్‌మెంట్‌కు రాసేయొచ్చు. ఇన్సూరెన్స్‌కు పాలసీ షెడ్యూల్‌లో మెషీన్ పక్కన ఉన్న బీమా మొత్తం చూడండి. అద్దెకు తెచ్చిన క్రేన్, లోడర్ లాంటివి ఈ రిజిస్టర్‌లో కనిపించవు. వాటి అద్దె ఎవరు వాడుకుంటే వాళ్ళకే వెళ్ళాలి.

చాలా చోట్ల చూసే పొరపాటు ఇంకొకటి ఉంది. మెయింటెనెన్స్ ఖర్చు కూడా మెషీన్ విలువ లెక్కన పంచేస్తారు. నిజానికి ఎక్కువగా చెడిపోయేది పాతది, విలువ తక్కువది. మెయింటెనెన్స్ వాళ్ళ చేత జాబ్ కార్డులు రాయించండి. ఏ డిపార్ట్‌మెంట్ పని, ఎన్ని గంటలు, అంతే. రెండు నెలలు రాస్తే దామాషా తేలిపోతుంది. ఇక్కడ కటింగ్‌కు 60, పాలిషింగ్‌కు 30, ఫినిషింగ్‌కు 10 శాతం అని తేలింది.

నాలుగు రకాలుగా పంచి చూస్తే

మొత్తం 8,70,000ను ఒక్కో ఆధారంతో విడివిడిగా పంచాను. చివరి వరుసలో ఏ ఖర్చుకు దాని ఆధారం వాడాను. అన్నిట్లోనూ మెయింటెనెన్స్ వాటాను తర్వాత 60:30:10 లెక్కన మిగతా మూడింటికీ పంచేశాను. పట్టికలో ఉన్నవి ఆ చివరి అంకెలు.

| పంచిన పద్ధతి | కటింగ్ | పాలిషింగ్ | ఫినిషింగ్ |
|---|---|---|---|
| అంతా విస్తీర్ణం మీద | 4,78,500 | 2,39,250 | 1,52,250 |
| అంతా మనుషుల మీద | 2,50,560 | 1,94,880 | 4,24,560 |
| అంతా మెషీన్ విలువ మీద | 5,42,880 | 2,71,440 | 55,680 |
| ఏ ఖర్చుకు దాని ఆధారం | 4,64,640 | 2,46,720 | 1,58,640 |

చివరి వరుసలో ఫినిషింగ్ అంకె ఎలా వచ్చిందో విడమరుస్తాను. అద్దె 40,000, మనుషుల ఖర్చు 86,400, మెషీన్ ఖర్చు 27,000, మొత్తం 1,53,400. మెయింటెనెన్స్ పేర పడిన 52,400లో పదో వంతు 5,240. కలిపితే 1,58,640.

ఫినిషింగ్‌లో 36 మంది నెలకు 25 రోజులు, రోజుకు 8 గంటలు చేస్తే 7,200 గంటలు. గంటకు 22 రూపాయలు పడుతుంది. మనుషుల లెక్కన అయితే 59, మెషీన్ లెక్కన అయితే 8 కూడా కాదు.

ఇప్పుడు సమాధి రాయికి వద్దాం. ఒక్కో రాయికి ఫినిషింగ్‌లో 30 గంటల పని ఉంది. ఫినిషింగ్ ఓవర్‌హెడ్ వేయకముందు రాయికి 1,000 మిగులుతోంది. మెషీన్ లెక్కన 232 తీసేస్తే 768 మిగులు, ఇది అబ్బాయి మాట. మనుషుల లెక్కన 1,769 తీసేస్తే 769 నష్టం, ఇది అకౌంటెంట్ మాట. ఏ ఖర్చుకు దాని ఆధారం వేస్తే 661 పోయి 339 మిగులుతుంది. పద్ధతి మారితే కటింగ్ రేటు మారి స్లాబు ఖర్చు కూడా కొంత మారుతుంది. ఒక రాయికి పట్టే స్లాబు కొద్దిదే కాబట్టి దాన్ని ఇక్కడ కలపలేదు.

మరో సంగతి గమనించండి. అంతా విస్తీర్ణం మీద పంచిన వరుస, చివరి వరుసకు చాలా దగ్గరగా ఉంది. ఫినిషింగ్‌కు గంటకు 21 వచ్చింది, సరైన లెక్క 22. ఇది ఈ యూనిట్‌లో కుదిరింది అంతే. మెషీన్లు ఎక్కువున్న కటింగ్‌కే జాగా కూడా ఎక్కువ ఉండటం వల్ల అలా వచ్చింది. చిన్న షెడ్డులో ఖరీదైన సీఎన్‌సీ మెషీన్ ఒకటి పెడితే ఈ దగ్గరతనం పోతుంది.

మీ ఫ్యాక్టరీకి ఏది?

పదిహేను ఇరవై మందితో, రెండే డిపార్ట్‌మెంట్లతో నడిచే కటింగ్ షెడ్డు అయితే మూడు ఆధారాలూ పెట్టుకుని కుస్తీ పట్టక్కర్లేదు. ఒక్కసారి పైన చేసినట్టు నాలుగు రకాలుగా పంచి చూడండి. ఏ ఒక్క ఆధారం చివరి వరుసకు దగ్గరగా వస్తే దాన్ని ఏడాదంతా వాడుకోండి. కొత్త మెషీన్ వచ్చినప్పుడు మాత్రం మళ్ళీ చూడండి.

స్లాబులు, టైల్స్, చెక్కుడు పని అన్నీ చేస్తూ ఒక్కో ఆర్డర్‌కు విడిగా కొటేషన్ ఇచ్చే యూనిట్లకు మూడూ అవసరమే. అక్కడ ఒకే ఆధారం వాడితే జరిగేది తెలిసిందే. మెషీన్ విలువ ఒక్కటే వాడితే మెషీన్ పనికి ఎక్కువ రేటు చెప్పి ఆర్డర్లు పోగొట్టుకుంటారు, చేతిపనికి తక్కువ చెప్పి నష్టంతో పని నింపుకుంటారు. మనుషుల ఆధారం వాడితే ఇదే తిరగబడుతుంది. ఫ్యాక్టరీ చేతిపని ఆర్డర్లతో కిటకిటలాడుతూ చివర్లో లాభం కనిపించకపోయినా, అడిగిన ప్రతి చేతిపని కొటేషనూ వెనక్కి వస్తున్నా, ముందు ఈ పంపకాన్నే తిరగేసి చూడాలి.

నెల్లూరు వైపు రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో పరిస్థితి వేరు. తల తీసి ఒలిచే హాలులో మనుషులు కిక్కిరిసి ఉంటారు. ఫ్రీజింగ్‌లో ఖరీదైన మెషీన్లు ఉంటాయి, మనుషులు కొద్దిమందే. కోల్డ్ స్టోరులో మనుషులే కనపడరు, జాగా మాత్రం బోలెడు. మూడు డిపార్ట్‌మెంట్లూ మూడు దిక్కులకు లాగుతాయి కాబట్టి ఒకే ఆధారం అక్కడ అసలు పనికిరాదు. ఏప్రన్లు, గ్లౌజులు, చేతులు కడిగే ఏర్పాట్లు మనుషుల మీద వేయాలి. కోల్డ్ స్టోరు బిల్డింగ్ ఖర్చును ఘనపుటడుగుల మీద వేయాలి. సీజన్‌లో మనుషుల సంఖ్య బాగా మారుతుంది కాబట్టి ఏడాది సగటు కాకుండా ఆ నెల సగటే తీసుకోవాలి.

ధాన్యం ఆడించే మిల్లు అయితే నా సలహా వేరే. వచ్చిన ప్రతి బస్తా అదే వరుసలో అన్ని మెషీన్లగుండా పోతుంటే డిపార్ట్‌మెంట్లకు పంచడమే దండగ. మొత్తం ఖర్చును క్వింటాళ్ళతో భాగిస్తే అయిపోతుంది. కొంత ధాన్యం ఉడకబెట్టి, కొంత పచ్చిగా ఆడిస్తుంటే మాత్రం ఉడకబెట్టే విభాగాన్ని విడదీయాలి. లేకపోతే పచ్చి బియ్యం మీద బాయిలర్ ఖర్చు పడుతుంది.

ఈ లెక్క చెప్పనివి

ఎలా పంచినా ఫ్యాక్టరీ మొత్తం ఖర్చు ఆ 8,70,000 రూపాయలే. ఫినిషింగ్ మీద 1,58,640 పడింది కదా, దాన్ని మూసేస్తే అంత ఆదా అవుతుందని అనుకోవద్దు. మూసినా షెడ్డు అద్దె తగ్గదు, ఆ 40,000 మిగతా వాళ్ళ మీదకు వెళ్తుంది. టైమ్ ఆఫీసు గుమాస్తా జీతం కూడా అలాగే ఉంటుంది. మూయాలా వద్దా అన్నదానికి ఏ ఖర్చు నిజంగా ఆగుతుందో విడిగా రాసుకోవాలి. అదే రకంగా, ఫినిషింగ్ మనుషులు ఖాళీగా కూర్చున్న నెలలో 339 కంటే తక్కువ మిగిలే ఆర్డర్ వచ్చినా పట్టుకోవచ్చు. చేతి ఖర్చులు వెళ్ళి ఎంతో కొంత మిగిలితే చాలు.

పని తగ్గిన నెలలో రేటు పెంచేసే పొరపాటు కూడా చేస్తుంటారు. ఫినిషింగ్‌లో ఒక నెల 3,600 గంటల పనే దొరికిందనుకోండి. 1,58,640ని దానితో భాగిస్తే గంటకు 44 వస్తుంది. రాయి చెక్కడం ఆ నెలలో రెట్టింపు ఖరీదు కాలేదు, మనుషులకు పని లేదు అంతే. మామూలుగా జరిగే 7,200 గంటల మీదే 22 రేటు ఉంచి, మిగిలిన సగాన్ని ఖాళీ ఖర్చుగా విడిగా చూపించాలి. మార్చి 31న సరుకు విలువ కట్టేటప్పుడు అకౌంటింగ్ స్టాండర్డ్ 2 అడిగేదీ ఇదే. స్థిరంగా ఉండే ఉత్పత్తి ఓవర్‌హెడ్స్‌ను మామూలు సామర్థ్యం మీదే సరుకుకు ఎక్కించాలి.

ఇదంతా అయ్యాక కాగితాలు మడుస్తుంటే ఫినిషింగ్ మేస్త్రి గుమ్మం దగ్గరకొచ్చి నిలబడ్డాడు. "బస్సు డబ్బులు మా మీద కూడా ఏశారంట గదా సార్. మావోళ్ళు ఆ బస్సు ఎక్కితే గదా! అందరూ ఈడ రూముల్లోనే ఉంటారు."

టైమ్ ఆఫీసులో బస్సు లిస్టు తెప్పించి చూశాను. ఎక్కేవాళ్ళు 30 మంది. కటింగ్ నుంచి 12, పాలిషింగ్ నుంచి 10, మెయింటెనెన్స్ నుంచి 4, ఫినిషింగ్ నుంచి నలుగురే. 1,80,000లో బస్సు ఖర్చు 60,000. తలల లెక్కన ఫినిషింగ్ మీద 28,800 వేశాం. ఎక్కేవాళ్ళ లెక్కన పడాల్సింది 8,000. మెయింటెనెన్స్ ద్వారా వచ్చే కొద్దిపాటి మార్పును వదిలేస్తే నెలకు 20,800 తేడా, గంటకు దాదాపు మూడు రూపాయలు, ఒక సమాధి రాయికి 87. లిస్టు ఎలాగూ టైమ్ ఆఫీసులో ఉంది కాబట్టి బస్సును విడదీసి ఆ లిస్టు ప్రకారమే వేశాం. పై పట్టికలో ఆ మార్పు లేదు. ఓనర్ ఆ ఆర్డర్‌కు అదే రేటు చెప్పి పంపాడు. ముక్కల గుట్ట మాత్రం ఇంకా పాలిషింగ్ లైన్ వెనకే ఉంది.